ఒక్క తడి లాటు, వంగిన గీత: పత్తి తేమకూ ధరకూ మధ్య రిగ్రెషన్‌పై ఒక కేస్ స్టడీ

పరకాల వైపు ఉన్న ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం నుంచి వచ్చిన పని ఇది. వాళ్ల ప్రశ్న సూటిగానే ఉంది. ఏరిన పత్తిని ఎండకు ఆరబోసి అమ్మితే లాభమా, తేమ మీదనే ట్రాక్టర్‌కు ఎత్తితే లాభమా? ఆరబోస్తే రేటు పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. ఏది ఎక్కువ అన్నదే లెక్క. సంఘం లెక్కలు చూసే కుర్రాడు సభ్యుల దగ్గర తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలు, పోగుచేసి, ఎక్సెల్‌లో ఎక్కించి, ట్రెండ్‌లైన్ గీసి పెట్టాడు. రిగ్రెషన్ అంటే ఇలా చుక్కల మధ్య సరిపడే గీత వేయడమే. తేమ ఒక శాతం పెరిగితే క్వింటాల్ ధర 39 రూపాయల 50 పైసలు తగ్గుతోందని ఆ గీత చెప్పింది. దాన్ని పట్టుకుని సంఘం అధ్యక్షుడు ఒక మాట అప్పటికే తేల్చేసుకున్నాడు.

"ఆరబోస్తే బరువు పోతది, రేటు సూస్తే అంతగనం పెరుగుతలేదు. ఇగ మావోళ్లను తిప్పల పెట్టుడెందుకు సార్?"

ఆ 39.50 నిజమైతే ఆయన మాట కూడా నిజమే. 12 శాతం తేమ ఉన్న 100 కిలోల పత్తిలో నీళ్లు పోను మిగిలేది 88 కిలోలు. దాన్ని 8 శాతానికి ఆరబెడితే ఆ 88 కిలోలు మొత్తం బరువులో 92 శాతం కావాలి కాబట్టి కాంటా మీద 95.65 కిలోలు తూగుతుంది. అంటే క్వింటాల్‌కు నాలుగు కిలోల పైచిలుకు ఆవిరైపోతుంది. ఆ గీత ప్రకారం 12 శాతం దగ్గర ధర 6,935 రూపాయలు, 8 శాతం దగ్గర 7,093. ఆరబెట్టిన 95.65 కిలోలకు వచ్చేది 6,785 రూపాయలు. ఆరబోసినందుకు క్వింటాల్‌కు 150 రూపాయలు నష్టం, కూలి ఖర్చు అదనం.

ఇదే లెక్కను వెనక్కి తిప్పితే ఇంకో అంకె వస్తుంది. 12 శాతం దగ్గర ధర 6,700 ప్రాంతంలో ఉందనుకుంటే, ఆరబోత లాభమూ నష్టమూ కాకుండా సరిపోవాలంటే ఒక్కో శాతానికి కోత సుమారు 76 రూపాయలు ఉండాలి. కోత అంతకంటే ఎక్కువైతే ఆరబోయాలి, తక్కువైతే తడి మీదనే అమ్మాలి. ఈ కేసు మొత్తం ఈ 76కు ఇటా అటా అన్నదే.

నాకు అనుమానం వచ్చింది కూడా అక్కడే. కొనేవాడి వైపు నుంచి చూడండి. క్వింటాల్ 7,000 పలికే పత్తిలో ఒక శాతం నీళ్లంటే 70 రూపాయల పైనే. అంత నీటికి 39 రూపాయలే కోస్తున్నాడంటే మిగతా నీళ్లను పత్తి రేటుకు కొంటున్నాడన్నమాట. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ 8 శాతం దాటిన ప్రతి శాతానికీ మద్దతు ధరలో ఒక శాతం తగ్గిస్తుంది, 12 దాటితే అసలు కొనదు. 2024-25లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర 7,521 రూపాయలు. ఆ లెక్కన సీసీఐ కోతే శాతానికి 75 రూపాయలు. ప్రైవేటు ఖరీదుదారు సర్కారు కంటే దయగలవాడని వరంగల్‌లో ఎవరికి చెప్పినా నవ్వుతారు. రిగ్రెషన్ ఫలితాన్ని ఏ పరీక్షకూ పెట్టకముందే ఇలాంటి మోటు లెక్క ఒకటి వేసుకోవడం నా అలవాటు. చాలాసార్లు అసలు సంగతి అక్కడే బయటపడుతుంది.

ఆర్ భాషలో రాసిన డేటా ఇదీ. పేర్లు, తేదీలు తీసేశాను. కావాలంటే కాగితం మీద కూడా వేసుకునేలా అంకెలను కొద్దిగా సర్దాను. కథ మాత్రం మారలేదు.

```
tema  <- c(8, 8.5, 9, 9, 9.5, 10, 10.5, 11, 11, 11.5, 12, 22)
dhara <- c(7270, 7290, 7090, 7210, 7010, 7060,
           6890, 6910, 6790, 6820, 6660, 6700)
m <- lm(dhara ~ tema)
```

పన్నెండు లాట్లు. పదకొండింటి తేమ 8 నుంచి 12 మధ్య ఉంది. పన్నెండోది 22. అకాల వానకు తడిసిన పత్తి అది. గ్రాఫ్ వేస్తే ఎడమ వైపు పదకొండు చుక్కలు ఒక గుంపుగా, ఏటవాలుగా కిందికి దిగుతూ కనిపిస్తాయి. కుడి వైపు చివర ఒకే ఒక్క చుక్క, మధ్యలో అంతా ఖాళీ. గీత ఆ గుంపు వాలును వదిలేసి కుడివైపు చుక్కను అందుకోవడానికి పైకి లేచినట్టు ఉంటుంది. ఆ ఒక్క లాటును పక్కన పెట్టి మళ్లీ గీత వేస్తే వాలు, అంటే తేమ ఒక శాతం పెరిగితే ధర మారే మొత్తం, -39.5 నుంచి -152కు పడింది. దాదాపు నాలుగు రెట్లు. 76కు అటు ఉన్న జవాబు ఇటు వచ్చేసింది.

కుర్రాడు తెలివైనవాడే. ఎక్సెల్‌లో రెసిడ్యువల్స్ కూడా తీసి చూశాడు. అంటే ప్రతి లాటు అసలు ధరకూ గీత చెప్పే ధరకూ ఉన్న తేడా. "తేడా కొట్టే లాటు ఉంటే అందులో కనిపించాలి కదా సార్, అన్నిట్లోకీ పెద్ద తేడా 12 శాతం లాటుకే ఉంది" అన్నాడు. నిజమే. 12 శాతం తేమ ఉన్న లాటు రెసిడ్యువల్ -275. ఆ తర్వాత 8.5 శాతం లాటుది 216. మనం అనుమానించిన 22 శాతం లాటు రెసిడ్యువల్ 159 మాత్రమే, పెద్దవాటి వరసలో ఐదో స్థానం. రెసిడ్యువల్స్ జాబితాను నమ్ముకుంటే ఎవరైనా 12 శాతం లాటునే నిలదీస్తారు. ఆ లాటు చేసిన పాపమల్లా గుంపుతో కలిసి సరైన వాలు మీద ఉండడమే.

ఇది ఎందుకు ఇలా జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. లీస్ట్ స్క్వేర్స్ గీత తేడాల వర్గాల మొత్తాన్ని తగ్గిస్తుంది. గుంపుకు దూరంగా ఉన్న చుక్క దగ్గర వాలు కొంచెం మారినా తేడా బాగా మారుతుంది, వర్గం చేస్తే ఇంకా పెరుగుతుంది. గుంపులో ఉన్న చుక్కల దగ్గర అదే వాలు మార్పుకు పెద్ద తేడా రాదు. అందుకే గీత దూరపు చుక్కకు దగ్గరగా జరగడమే చవక బేరం. గడ్డపార చివర పట్టుకున్నవాడు కొద్ది బలంతోనే బండను కదిపినట్టు, సగటుకు ఎంత దూరంలో ఉంటే గీత మీద అంత పట్టు. ఆ పట్టును కొలిచే అంకె పేరే లెవరేజ్. ఒకే ఎక్స్ ఉన్న రిగ్రెషన్‌లో దాని సూత్రం ఇది:

```
h_i = 1/n + (x_i - x̄)² / Sxx
```

ఇక్కడ పన్నెండు లాట్ల సగటు తేమ 11. Sxx, అంటే సగటు నుంచి ఒక్కో లాటు తేమకున్న దూరాల వర్గాల మొత్తం, 149. 22 శాతం లాటు సగటుకు 11 దూరంలో ఉంది. దాని లెవరేజ్ 1/12 + 121/149, అంటే 0.895. ఆ 149లో 121 ఈ ఒక్క లాటుదే అన్నది గమనించండి. అన్ని లాట్ల లెవరేజ్‌లను కూడితే ఎప్పుడూ గీతలో ఉన్న గుణకాల సంఖ్యే వస్తుంది. మనకు రెండు గుణకాలు, వాలూ, గీత ఎత్తు చెప్పే ఇంటర్‌సెప్టూ. కాబట్టి పన్నెండు లాట్లకు సగటున 0.167 చొప్పున రావాలి. సగటుకు రెండింతలు దాటితే చూడమంటారు, ఇక్కడ ఆ హద్దు 0.333. మన లాటు దాన్ని ఎప్పుడో దాటేసింది. మిగతా పదకొండింటిలో ఏదీ 0.15ను కూడా చేరలేదు.

0.895 అంటే ఏమిటో మాటల్లో చెప్పుకోవచ్చు. ఆ లాటు ధర 100 రూపాయలు పైకి జరిగితే, 22 శాతం దగ్గర గీత కూడా 89 రూపాయల 50 పైసలు పైకి జరుగుతుంది. గీత ఆ లాటు వెంటే నడుస్తుంటే దానికీ గీతకూ మధ్య దూరం ఎక్కడ మిగులుతుంది? మిగతా లాట్లు చెప్పే గీత నుంచి చూస్తే ఆ లాటు నిజంగా 1,525 రూపాయలు ఎత్తున ఉంది. పదకొండు లాట్ల గీత 22 దగ్గర 5,175 అంటుంటే తక్‌పట్టీలో 6,700 ఉంది. కానీ కనిపించే రెసిడ్యువల్ ఆ 1,525లో (1 - 0.895) వంతే. అదే 159. లెవరేజ్ ఎక్కువైన కొద్దీ లాటు తన తప్పును తానే దాచుకుంటుంది.

1973లో ఆన్స్‌కోమ్ ఇచ్చిన నాలుగు డేటా సెట్లలో నాలుగోది దీని చివరి మెట్టు. అందులో పది చుక్కల ఎక్స్ 8, ఒక్కదానిది 19. ఆ ఒక్కదాని లెవరేజ్ సరిగ్గా 1, గీత కచ్చితంగా దాని మీదుగానే పోతుంది, రెసిడ్యువల్ సున్నా. ఆ చుక్క తీసేస్తే వాలు లెక్క కట్టడమే కుదరదు.

కాబట్టి చూడాల్సింది మామూలు రెసిడ్యువల్ కాదు. ఆ లాటును బయట పెట్టి, మిగతావాటితో గీత వేసి, ఆ గీత నుంచి ఈ లాటు ఎంత దూరముందో, ఆ దూరం మామూలు చెదురుకు ఎన్ని రెట్లో చూడాలి. దాన్ని స్టూడెంటైజ్డ్ రెసిడ్యువల్ అంటారు. ఆర్‌లో ఒక్క వరసలో వస్తుంది.

```
hatvalues(m); rstudent(m); cooks.distance(m)
```

22 శాతం లాటు స్టూడెంటైజ్డ్ రెసిడ్యువల్ 8 దాటింది. మామూలుగా 3 దాటితేనే ఆగి చూస్తాం. మామూలు జాబితాలో ఐదో స్థానంలో ఉన్నది ఇక్కడ దరిదాపుల్లో ఎవరూ లేకుండా మొదటికి వచ్చింది. 1977లో డెనిస్ కుక్ ప్రతిపాదించిన కొలత, ఆయన పేరుతోనే కుక్స్ డిస్టెన్స్ అంటారు, లెవరేజ్‌నూ రెసిడ్యువల్‌నూ కలిపి చూస్తుంది: ఆ లాటు తీసేస్తే గుణకాలు మొత్తం మీద ఎంత కదులుతాయి అని. 1 దాటితే పట్టించుకోవాలన్నది వాడుక. మన లాటుది 38కి దగ్గర. మిగతా పదకొండింటిలో పెద్దది 0.15.

లెవరేజ్ ఎక్కువ ఉండడం వేరు, గీతను వంచడం వేరు. దీన్ని సంఘం వాళ్లకు చెప్పడానికి అదే డేటాతో రెండు ఊహలు చేసి చూపించాను. మొదటిది: ఆ తడి లాటు 6,700కు కాక 5,200కు పోయి ఉంటే? లెవరేజ్ అదే 0.895, ఎందుకంటే లెవరేజ్‌కు తేమతోనే పని, ధరతో లేదు. కానీ వాలు -150, గుంపు చెప్పే -152కు పక్కనే. పట్టు ఉంది, దాన్ని తప్పు దిక్కుకు వాడలేదు అంతే. రెండోది: తడి లాటు బదులు 10 శాతం తేమ ఉన్న లాటు ఒకటి 8,500కు పోయిందని రాసి ఉంటే? గీత నుంచి 1,500 పైన, చూడగానే కళ్లకు కొడుతుంది. కానీ గుంపు సగటు తేమ కూడా సరిగ్గా 10 కాబట్టి వాలు ఒక్క పైసా కదలదు. గీత మొత్తంగా 125 రూపాయలు పైకి లేస్తుంది, అంతే. కంటికి కొట్టే లాటు వాలును ముట్టుకోలేదు, కళ్లు పట్టించుకోని లాటు దాన్ని నాలుగో వంతుకు తగ్గించింది.

ఇక్కడ ఎక్సెల్ అవుట్‌పుట్‌లో ఇంకో సంగతి ఉంది. నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చింది అదే. పన్నెండు లాట్ల గీతలో వాలు స్టాండర్డ్ ఎర్రర్, అంటే వాలు అంచనాలో ఉండే అనిశ్చితి, 13.6. తేమకు ప్రభావమే లేకపోయినా ఇంత వాలు యాదృచ్ఛికంగా వచ్చే అవకాశాన్ని చెప్పే పి విలువ 0.02 లోపు. తడి లాటు తీసేసిన పదకొండు లాట్ల గీతలో స్టాండర్డ్ ఎర్రర్ 14.5. అంటే తప్పు గీత తన వాలు గురించి ఒప్పు గీత కంటే కాస్త ఎక్కువ ధీమాగా మాట్లాడుతోంది. అదెలా? చుక్కల చెదురు మాత్రం దాదాపు మూడింతలు పెరిగింది, 60 రూపాయల నుంచి 166కు. కానీ వాలు స్టాండర్డ్ ఎర్రర్ అంటే ఆ చెదురును Sxx వర్గమూలంతో భాగించడం. తడి లాటు ఒక్కటే Sxxను 17 నుంచి 149కి లాక్కుపోయింది. భాగహారంలో కింది అంకె కూడా దాదాపు మూడింతలు అయింది, ఒకటికొకటి చెల్లిపోయాయి. అందుకే స్టాండర్డ్ ఎర్రర్‌నూ పి విలువనూ చూసి "ఫలితం గట్టిదే" అనుకునేవాళ్లకు ఈ జబ్బు ఎప్పటికీ దొరకదు. ధరల తేడాల్లో గీత వివరించే వాటా, అంటే ఆర్-స్క్వేర్, మాత్రం కొంత చెప్పింది, 0.92 నుంచి 0.46కు పడింది. అదీ నమ్మదగ్గ సాక్షి కాదు. పైన ఊహించిన 5,200 లాటుతో లెక్క కడితే ఆర్-స్క్వేర్ 0.99కి పోతుంది, ఒక్క చుక్క వల్లే.

రోబస్ట్ రిగ్రెషన్ వాడితే సరిపోతుంది కదా అని అడిగినవాళ్లున్నారు. ఏ రోబస్ట్ అన్నది ముఖ్యం. ఆర్‌లో MASS ప్యాకేజీలోని `rlm` మామూలుగా వాడేది హ్యూబర్ పద్ధతి. అది రెసిడ్యువల్ పెద్దగా ఉన్నవాటికి వెయిట్ తగ్గిస్తుంది. ఇక్కడ దాని కోత హద్దు 290 రూపాయల దగ్గర పడుతుంది. అన్నిట్లోకీ పెద్ద రెసిడ్యువల్ 275. కాబట్టి పన్నెండు లాట్లకూ వెయిట్ 1, వాలు మళ్లీ అదే -39.5. తనను తాను దాచుకున్న లాటును రెసిడ్యువల్స్ చూసి పట్టుకునే పద్ధతి ఎలా పట్టుకుంటుంది?

అంకెల పని ఇక్కడికి అయింది. లాటు ఎవరిదో, తక్‌పట్టీలో ఏముందో చూడాలి. ఈ మెట్టు దాటేసి "అవుట్‌లయర్, తీసేశాం" అని రాసే రిపోర్టులు చాలా చూశాను. లెవరేజ్ గానీ కుక్స్ డిస్టెన్స్ గానీ ఒక లాటు గీతను వంచుతోందని మాత్రమే చెబుతాయి, అది తప్పుడు లాటని చెప్పవు. మొదట టైపింగ్ తప్పేమో అనుకున్నాం. 12.2ను 22 అని కొట్టడం వింతేమీ కాదు. సంఘం వాళ్లు రైతుకు ఫోన్ చేస్తే తేమ నిజంగానే అంత వచ్చిందన్నాడు. వాన మొదలైతే కుప్ప మీద పట్టా కప్పేలోపే సగం తడిసిందట. ధర కూడా నిజమే.

తక్‌పట్టీ ఫోటో వాట్సాప్‌లో వచ్చాక సంగతి తెలిసింది. కాంటా బరువు 20 క్వింటాళ్లు. దాని కింద పెన్నుతో కొట్టిన వరస: తరుగు 4-00. దాని కింద 16-00. రేటు 6,700. మొత్తం 1,07,200. ఖరీదుదారు తేమను రేటులో కోయలేదు, బరువులో కోశాడు. క్వింటాల్‌కు 20 కిలోలు. కుర్రాడి షీట్‌లో రేటు కాలమ్ ఉంది, తరుగు కాలమ్ లేదు. మిగతా పదకొండు తక్‌పట్టీలు తెప్పించి చూస్తే ఒక్కదానిలోనూ తేమకు తరుగు లేదు, కోత అంతా రేటులోనే ఉంది. రైతు కూడా ఇందులో వింతేముంది అన్నట్టే మాట్లాడాడు.

"గంత తడిసినంక రేటు అడుగుతరా సార్. రేటు మంచిగనే రాస్తరు. కటింగ్ల గుంజుకుంటరు."

ఆయన చెప్పినదాంట్లో ఈ కేసు గుట్టంతా ఉంది. పన్నెండో చుక్క నిలువు అక్షం మీద ఉన్నది, మిగతా పదకొండు చుక్కల నిలువు అక్షం మీద ఉన్నది ఒకటే వస్తువు కాదు. పదకొండింటిలో అది రైతు చేతికి క్వింటాల్‌కు వచ్చిన డబ్బు. పన్నెండోదాంట్లో అది కాగితం మీది రేటు. చేతికి వచ్చిన డబ్బును కాంటా బరువుతో భాగిస్తే 1,07,200 / 20, అంటే క్వింటాల్‌కు 5,360 రూపాయలు. పదకొండు లాట్ల గీత ఆ తేమ దగ్గర 5,175 అన్నదని గుర్తుంటే, తేడా 185 మాత్రమే.

6,700 బదులు 5,360 వేసి పన్నెండు లాట్లతో మళ్లీ గీత వేశాను. వాలు -138. స్టూడెంటైజ్డ్ రెసిడ్యువల్ 1, అంటే పూర్తిగా మామూలు లాటు. అయినా కుక్స్ డిస్టెన్స్ 4.3 వచ్చింది. 1 హద్దును గుడ్డిగా పట్టుకుంటే దీన్నీ నిందించాలి. నేను నిందించలేదు, కారణం చెబుతాను. కుక్స్ డిస్టెన్స్ గుణకాల కదలికను, ఆ లాటు కూడా ఉన్న గీత కచ్చితత్వంతో పోల్చి కొలుస్తుంది. తడి లాటు ఉన్నప్పుడు వాలు స్టాండర్డ్ ఎర్రర్ 4.9కి బిగుసుకుంటుంది. -152 నుంచి -138కి కదలిక 14, ఆ 4.9 పక్కన పెద్దగా కనిపిస్తుంది. లాటు లేని గీత స్టాండర్డ్ ఎర్రర్ 14.5తో పోలిస్తే ఒక ఎర్రర్ కూడా కాదు. లెవరేజ్ 0.9 దగ్గర ఉన్నప్పుడు ఏ మామూలు లాటుకైనా కుక్స్ డిస్టెన్స్ ఇలా ఉబ్బి కనిపిస్తుంది. అప్పుడు అది చెప్పేది "ఈ లాటు తప్పు" అని కాదు, "ఈ గీత వాలు చాలా వరకు ఈ ఒక్క లాటు మాట మీద నిలబడింది" అని. ఆ మాట ఇప్పటికీ నిజమే.

అందుకే రిపోర్టులో సరిచేసిన పన్నెండు లాట్ల గీతను ప్రధాన ఫలితంగా పెట్టలేదు. 12కూ 22కూ మధ్య ఒక్క లాటు కూడా లేదు. ఆ పది శాతం ఖాళీలో ధర తిన్నగా దిగుతుందో, 12 దాటగానే సీసీఐ దారి మూసుకుపోయి ఒక్కసారిగా పడుతుందో మన దగ్గర ఆధారం లేదు. 5,360 గీతకు దగ్గరగా పడడం సంతోషమే కానీ, ఖరీదుదారు 20 కిలోల బదులు 15 కిలోలే తరుగు తీసి ఉంటే అది 5,695 అయ్యేది. 22 దగ్గర మీటరు రీడింగే ఒకటి రెండు శాతం అటూ ఇటూ కావచ్చు, పుల్ల కుప్పలో ఎక్కడ గుచ్చారన్నదాన్ని బట్టి. అంత పట్టున్న చుక్క తేమలో తప్పుంటే అదీ వాలు మీదికే వస్తుంది.

ప్రధాన ఫలితం పదకొండు లాట్లదే. తేమ 8 నుంచి 12 మధ్య ఉన్నంత వరకే అని దాని పక్కనే రాశాను. ఒక్కో శాతానికి కోత 152 రూపాయలు, 95 శాతం అంతరం 119 నుంచి 185. లాభనష్టాలు సరిపోయే 76 ఈ అంతరంలో ఎక్కడా లేదు. 12 శాతం పత్తిని 8కి ఆరబెడితే బరువు పోయినా క్వింటాల్‌కు దాదాపు 290 రూపాయలు మిగులుతాయి. ఆరబోతకయ్యే కూలి, పట్టాలు, కాపలా అంతా కలిపి దానికి లోపల ఉంటే ఆరబోయాలి. తడి లాటును దాచకుండా మూడు గీతలూ ఒకే పట్టికలో ఇచ్చాను: రాసిన రేటుతో -39.5, చేతికొచ్చిన ధరతో -138, అది లేకుండా -152. మొదటిదాని పక్కన "తరుగు కలపలేదు" అని. సంఘం వాళ్లకు 138కీ 152కీ తేడాతో పని లేదు, రెండూ 76కు పైనే ఉన్నాయి. అలా లేకపోయి ఉంటే, అంటే లాటు ఉంచితే ఒక జవాబు, తీస్తే ఇంకో జవాబు వచ్చేదైతే, డేటా చాలదని చెప్పి ఆగేవాణ్ని.

152 ఎక్కువ కాదా, నీళ్ల ధరకు రెట్టింపు కదా అని అధ్యక్షుడు అడిగాడు. ఖరీదుదారు నీళ్లకు మాత్రమే కోయడు. తడి పత్తి కుప్పలో వేడెక్కుతుంది, పింజ రంగు మారుతుంది, జిన్నింగ్‌లో గింజ సరిగా విడివడదు. ఆ భయం ధరలో కలిసి ఉంటుంది. పైగా తేమ ఎక్కువ ఉన్న లాట్లలో నాణ్యత కూడా తక్కువ ఉండొచ్చు, ఆ భాగాన్ని ఈ పదకొండు లాట్లతో విడదీయలేం. ఆరబోస్తే నాణ్యత వల్ల పోయిన ధర తిరిగి రాదు కాబట్టి, 290ని గరిష్ఠంగానే చూసుకోమని చెప్పాను.

ఇదే లెక్కను వాడాలనుకునేవాళ్లు ఒక చిక్కు గమనించాలి. ఇక్కడ తడి లాటు ఒక్కటే కాబట్టి తేలిగ్గా దొరికింది. అదే పత్తికి రెండు తక్‌పట్టీలు రాసి, రెండు చుక్కలూ 22 దగ్గర 6,700తో ఉండి ఉంటే? వాలు -33కి, అంటే ఇంకా తప్పు దిక్కుకు పోతుంది. కానీ ఒక్కోదాని కుక్స్ డిస్టెన్స్ 38 నుంచి 0.23కు పడిపోతుంది, స్టూడెంటైజ్డ్ రెసిడ్యువల్ 1 లోపే. ఒకదాన్ని తీసేసినా రెండోది గీతను అక్కడే పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఒక్కొక్కటిగా తీసి చూసే కొలతలన్నీ "అంతా బాగుంది" అంటాయి. లెవరేజ్ మాత్రం ఒక్కోదానిది 0.47, హద్దు దాటే ఉంటుంది. ఒక ట్రాక్టర్ సరుకుకు నాలుగు తక్‌పట్టీలు రాసే అలవాటున్న చోట ఇది ఊహ కాదు. అందుకని ఒకే లోడుకు చెందినవాటిని ఒక గుంపుగా తీసి చూడాలి. అన్నిటికంటే ముందు గ్రాఫ్ వేయాలి. రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడితే ఒక్కటిగానే కనిపిస్తాయి కాబట్టి కొంచెం జరిపి వేయాలి.

సంఘం షీట్‌లో ఇప్పుడు కాంటా బరువు, తరుగు, చేతికొచ్చిన మొత్తం వేర్వేరు కాలమ్‌లు. ధర కాలమ్ చేత్తో ఎక్కించేది కాదు, చివరి మొత్తాన్ని కాంటా బరువుతో భాగించగా వచ్చేది. వచ్చే సీజన్‌లో 13 నుంచి 18 శాతం మధ్య పోయిన లాట్ల తక్‌పట్టీలు ప్రత్యేకంగా పోగుచేయమని అడిగాను. అవి వస్తే 12 దగ్గర గీత విరుగుతుందా, అలాగే సాగుతుందా అన్నది తేలుతుంది. అధ్యక్షుడికి మాత్రం దాంతో పెద్దగా పని లేదు. ఆయన అడిగిందల్లా పట్టాలు కొంటే ఎన్ని కొనాలో.